అతుకుల్లో దూరే అభిప్రాయం

సారాంశంలో సొంత అభిప్రాయం కలపకూడదని చెబితే పిల్లలు వెంటనే ఒప్పుకుంటారు. "నా ఉద్దేశంలో", "నాకు తెలిసి" లాంటివి కొట్టేస్తారు. ఇంకొంచెం జాగ్రత్త ఉన్నవాళ్ళు "దారుణమైన", "అద్భుతమైన" లాంటి విశేషణాలు కూడా తీసేస్తారు. అంతటితో పని అయిపోయిందనుకుంటారు. తెలుగు పేపరు చెబుతూ, సంక్షిప్త రచనలు దిద్దుతూ నాకు బలంగా అనిపించిన మాట వేరే ఉంది. అభిప్రాయం విశేషణాల్లో కన్నా అతుకుల్లో ఎక్కువ దూరుతుంది. వాక్యాన్ని వాక్యంతో కలిపే "అందువల్ల", "అయినా", "కూడా" లాంటి మాటల్లో, క్రియ చివర చేరే చిన్న ప్రత్యయాల్లో, ఏది ముందు చెప్పాం ఏది వదిలేశాం అన్న దానిలో దాక్కుంటుంది. అక్కడ వెతకని తనిఖీ తనిఖీయే కాదని నా వాదన.

సివిల్స్ మెయిన్స్‌లో భారతీయ భాష పేపరు 300 మార్కులకు ఉంటుంది. అందులో 25 శాతం తెచ్చుకోకపోతే మిగతా పేపర్లలో ఎంత బాగా రాసినా ఆ మార్కులు లెక్కలోకి రావు. అందులో ఒక ప్రశ్న సంక్షిప్త రచన: ఇచ్చిన గద్యభాగాన్ని సుమారు మూడో వంతుకు కుదించాలి, శీర్షిక పెట్టకూడదు, సొంత మాటల్లో రాయాలి. చిక్కంతా ఆ చివరి షరతులోనే ఉంది. మాటలు మనవి కావాలి, భావం మాత్రం రచయితది కావాలి. మాట మార్చిన ప్రతిచోటా భావం కాస్త పక్కకు జరిగే వీలుంటుంది. ఉన్న మాటల్నే ఎత్తి రాస్తే ఈ ప్రమాదం ఉండదు గానీ, అర్థం చేసుకున్నట్టు రుజువూ ఉండదు.

ఊరికే సూత్రాలు చెబితే లాభం లేదు కాబట్టి ఒక పేరా తీసుకుందాం. తరగతిలో సాధన కోసం నేనే రాసింది. చెరువుల గురించి రాయడానికి కారణం, ఆ విషయంలో మా పిల్లల్లో చాలామందికి ముందే గట్టి అభిప్రాయాలు ఉండటం. అభిప్రాయం లేని విషయం మీద సారాంశం రాయించి ఈ పరీక్ష పెట్టలేం. తనిఖీకి వీలుగా వాక్యాలకు అంకెలు వేశాను.

(1) తెలంగాణలోని గొలుసుకట్టు చెరువులను పై చెరువు అలుగు పారితే ఆ నీళ్ళు కింది చెరువులోకి చేరేలా కట్టారు. (2) 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద వేల చెరువుల్లో పూడిక తీశారు. (3) ఆ మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు, దానివల్ల ఎరువుల ఖర్చు తగ్గిందని కొన్ని ఊళ్ళలో చెప్పారు. (4) అయితే పూడిక తీసిన చెరువుల్లో కొన్ని ఆ తర్వాత కూడా నిండలేదు. (5) పై చెరువు నుంచి నీళ్ళు తెచ్చే కాలువలు కొన్నిచోట్ల పూడిపోయి ఉన్నాయి, కొన్నిచోట్ల వాటి మీద ఇళ్ళు, రోడ్లు వచ్చాయి. (6) వానలు సరిగా పడని ఏడాది పూడిక తీసిన చెరువైనా, తీయని చెరువైనా ఒకటే. (7) కాబట్టి ఏ చెరువునూ ఒంటరిగా చూడకూడదు, గొలుసులో ఒక భాగంగా చూడాలి. ముందు కాలువలు తెరిచి, ఆ తర్వాత చెరువులో పూడిక తీయాలి. (8) అప్పుడు కూడా, ఊళ్ళో నీళ్ళు పంచే మనిషి లేకపోతే ఆయకట్టు చివరి పొలానికి తడి అందడం కష్టం.

మొత్తం వంద పదాలకు కాస్త తక్కువ. దీనికి వచ్చిన సారాంశాల్లో ఒకటి ఇలా ఉంది:

"మిషన్ కాకతీయ కింద వేల చెరువుల్లో పూడిక తీసినా, కాలువలను పట్టించుకోకపోవడంతో చెరువులు నిండలేదు. ఆక్రమణల వల్ల ఖర్చు వృథా అయింది. అధికారులు ముందుగా కాలువలను తెరిచి ఉండాల్సింది."

పైపైన చదివితే తప్పు దొరకదు. కోపం లేదు, తిట్టు లేదు, "నేను" లేదు. వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి. ఇప్పుడు తనిఖీ మొదలుపెడదాం. సారాంశంలోని ఒక్కొక్క ముక్కను తీసుకుని, ఇది మూలంలో ఎన్నో వాక్యం నుంచి వచ్చిందని అడగాలి. జవాబుగా వచ్చిన అంకెను ఆ ముక్క మీద పెన్సిల్‌తో వేయాలి. వాక్యానికి ఒక అంకె చాలదు. ఒక్క వాక్యంలో నాలుగు సంగతులుంటే నాలుగు అంకెలు కావాలి.

"వేల చెరువుల్లో పూడిక తీసినా" అన్నదానికి 2 దొరుకుతుంది. "చెరువులు నిండలేదు" అన్నదానికి 4 వేయబోయి ఆగాలి. మూలంలో "కొన్ని" ఉంది, ఇక్కడ లేదు. కుదించేటప్పుడు మొదట ఎగిరిపోయేవి ఇలాంటి చిన్న మాటలే: కొన్ని, కొందరు, ఒక్కోసారి, బహుశా. పదాలు తగ్గించాలన్న తొందరలో ఇవి బరువు లేనివిగా కనిపిస్తాయి. కానీ ఇక్కడ ఒక్క మాట పోవడంతో కొన్ని చెరువుల కథ అన్ని చెరువుల కథ అయిపోయింది. "పట్టించుకోకపోవడంతో" అన్నదానికి ఏ అంకె వేయాలి? కాలువలు పూడిపోయి ఉన్నాయని 5 చెబుతోంది. వాటిని ఎవరో పట్టించుకోలేదని ఎక్కడా లేదు. పూడిపోవడం కనిపించే స్థితి, పట్టించుకోకపోవడం ఒకరి మీద మోపే తప్పు. "వృథా"కు అంకె లేదు. అసలు ఖర్చు గురించి పేరాలో ఉన్నది ఒక్కటే మాట, అది రైతుల ఎరువుల ఖర్చు. "అధికారులు" మూలంలో ఎక్కడా లేరు.

ఇక చివరి క్రియ చూడండి. మూలంలో "తెరిచి, ఆ తర్వాత పూడిక తీయాలి" అని ఉంది. అది ముందు జరగబోయే పనికి సలహా. సారాంశంలో "తెరిచి ఉండాల్సింది" అయింది. ఇది జరిగిపోయిన దాని మీద తీర్పు. కాలం మారింది, దానితో రచయిత స్వభావమే మారిపోయింది. సలహా చెప్పిన మనిషి నిందించే మనిషి అయ్యాడు. దీన్ని రాసిన అబ్బాయికి ఆ పథకం మీద ఉన్న కోపం సరైనదే కావచ్చు. ఆ చర్చ ఇక్కడ అనవసరం. ఆ కోపం పేరాలో లేదు, అంతే.

ఈ అంకెల పద్ధతి మంచిది, పిల్లలకు త్వరగా పట్టుబడుతుంది. అందుకే దాని హద్దు కూడా వెంటనే చెప్పాలి. ఇంకొక సారాంశం చూడండి:

"మిషన్ కాకతీయ కింద వేల చెరువుల్లో పూడిక తీయడంతో రైతులకు పొలాల్లోకి మట్టి అందింది, కొన్ని ఊళ్ళలో ఎరువుల ఖర్చు తగ్గింది. వానలు సరిగా పడని ఏడాది కొన్ని చెరువులు నిండలేదు. కాలువలు కూడా తెరిస్తే ఇంకా మేలు జరుగుతుంది."

అంకెలు వేసుకుంటూ పోతే దాదాపు అన్నిటికీ దొరుకుతాయి: 2, 3, 3, తర్వాత 6, 4, చివర 7. "కొన్ని" కూడా నిలబడింది. కానీ ఇది మొదటిదానికంటే ఎక్కువ తప్పుదారి పట్టించే సారాంశమని నేనంటాను. ఎందుకంటే దీన్ని చదివినవాళ్ళు పేరా అంతా పథకాన్ని మెచ్చుకుంటోందని, చివర ఒక చిన్న సూచన చేసిందని అనుకుంటారు. రచయిత ఒప్పుకోలుగా చెప్పిన మాట తలకెక్కింది, రచయిత అసలు చెప్పదలచుకున్న మాట "కూడా" అనే ఒక్క మాటతో తోకకు వెళ్ళింది. "ముందు కాలువలు, ఆ తర్వాత పూడిక" అన్నది వరుస. ఆ వరుసే ఇక్కడ వాదం. "కాలువలు కూడా" అనగానే ఆ వరుస మాయమై, పూడిక ముఖ్యం, కాలువలు అదనం అన్న అర్థం వచ్చింది. "తగ్గిందని చెప్పారు" అన్నది "తగ్గింది" అయింది. రైతుల మాట రచయిత పూచీ పడ్డ నిజంగా మారింది. రచయిత రైతుల మాటను కాదనలేదు, అలాగని దానికి హామీ కూడా ఇవ్వలేదు.

ఇక్కడ అంకెలు పట్టుకోలేనిది బరువు. ఏ ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో అంకె చెబుతుంది, ఆ ముక్క మూలంలో ఎంత బరువు మోస్తోందో చెప్పదు. దానికి ఇంకో పరీక్ష కావాలి. సారాంశాన్ని పక్కన పెట్టి మూలానికే వెళ్ళాలి. ఒక్కొక్క వాక్యాన్ని వేలితో మూసి, మిగతావి ఇంకా ఎందుకోసం ఉన్నాయో చూడాలి.

3ను మూయండి. పేరాలో ఒక మంచి సంగతి తగ్గుతుంది, వాదం మాత్రం నిలబడుతుంది. 6ను మూసినా అంతే, రచయిత నిజాయితీగా ఒప్పుకున్న ఒక పరిమితి పోతుంది. 1ని మూస్తే "గొలుసు" అంటే ఏమిటో తెలియదు, కాబట్టి అది పునాది. 7ను మూయండి. ఇప్పుడు 1 నుంచి 6 దాకా ఉన్న వాక్యాలు చెరువుల గురించిన సమాచారంగా విడివిడిగా మిగిలిపోతాయి, ఎటు నడుస్తున్నాయో తెలియదు. 8లోని "అప్పుడు కూడా" దేన్ని పట్టుకుని వేలాడాలో తెలియక గాల్లో ఉండిపోతుంది. మిగతావన్నీ దేనికోసం నిలబడ్డాయో ఆ వాక్యమే ప్రధానాంశం. ఇక్కడ అది 7.

ఈ పరీక్ష చేయనివాళ్ళు మొదటి వాక్యాన్నో చివరి వాక్యాన్నో ప్రధానాంశం అనుకుంటారు. నేను కావాలనే చివర 8ని పెట్టాను. దాన్ని పట్టుకుని "నీళ్ళు పంచే మనుషులను నియమించాలన్నదే రచయిత ఆశయం" అని రాసినవాళ్ళు ఉన్నారు. 8 రచయిత తన సలహాకు తానే గీసుకున్న గీత: ఇది చేసినా ఇంకోటి మిగిలి ఉంటుందని చెప్పడం. దాన్ని వదిలేస్తే రచయిత సలహా ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది, తలకెత్తితే సలహాయే మారిపోతుంది. కాబట్టి సారాంశంలో అది ఉండాలి, కానీ చివర, చిన్నగా ఉండాలి.

మళ్ళీ అతుకులకు వస్తాను, ఎందుకంటే తెలుగులో ఈ ప్రమాదం ప్రత్యేకంగా ఉంది. మనకు ఒక్క అక్షరంతో వాదం తిప్పేసే వీలుంది. "చెరువు నిండకపోవడానికి కాలువలు కారణం" అన్నదానికీ "కాలువలే కారణం" అన్నదానికీ మధ్య ఉన్నది ఒక్క ఏత్వం. ఆ ఏత్వం వానను బయటికి నెట్టేస్తుంది, అంటే 6వ వాక్యాన్ని అబద్ధం చేస్తుంది. "పూడిక తీశాక నిండలేదు" అంటే కాలక్రమం, "పూడిక తీసినా నిండలేదు" అంటే నిరాశ. "రైతులు చెప్పారు" అంటే వార్త, "ఖర్చు తగ్గిందట" అంటే నాకు నమ్మకం లేదన్న సూచన. "రైతులు ఒప్పుకున్నారు" అంటే అంతకుముందు వాళ్ళు కాదన్నారన్న అర్థం వస్తుంది. దిద్దేటప్పుడు నేను చూపు ముందుగా పెట్టేది వీటి మీదే: ఏత్వాలు, "ఐనా"లు, "కూడా", "మాత్రమే", "కేవలం", "చివరికి", ఇంకా అన్నారు-చెప్పారు జాతి క్రియలన్నీ. వీటిలో ప్రతిదానికీ మూలంలో తోడు ఉందా అని అడగాలి. ఉంటే ఉంచాలి. రచయిత 4లో "అయితే" అన్నాడు కాబట్టి, 3కీ 4కీ మధ్య సారాంశంలో కూడా ఒక మలుపు ఉండటం న్యాయమే. లేని చోట మలుపు తిప్పడమే కలిపి రాయడం.

మరి మూలంలో స్పష్టంగా లేనిది ఏదీ సారాంశంలో ఉండకూడదా? ఇక్కడ నేను మరీ కఠినంగా ఉండను. 4 కొన్ని చెరువులు నిండలేదని, 5 కాలువలు మూసుకుపోయాయని చెబుతున్నాయి. రెండింటి మధ్య "ఎందుకంటే" లేదు. సారాంశంలో "కాలువలు మూసుకుపోయి కొన్ని చెరువులు నిండలేదు" అని రాస్తే అది కలిపినట్టా? కాదంటాను. 7 "కాబట్టి"తో మొదలవుతుంది. 5లో ఉన్నది 4కు కారణం కాకపోతే ఆ "కాబట్టి"కి కాళ్ళు ఉండవు. రచయిత వాదం నిలబడటానికి ఏ సంబంధం తప్పనిసరో ఆ సంబంధాన్ని బయటికి రాయవచ్చు. "ఖర్చు వృథా అయింది" అన్నది అలా కాదు. దాన్ని తీసేసినా రచయిత వాదంలో ఏదీ కూలదు. అది కూలితే బాధపడేది సారాంశం రాసినవాళ్ళే. సందేహం వచ్చిన ప్రతిచోటా ఈ ప్రశ్నే తేలుస్తుంది: ఈ ముక్క లేకపోతే ఎవరి వాదానికి లోటు?

అభిప్రాయం వద్దన్నారు కదా అని పూర్తిగా రెండో వైపుకు వెళ్ళేవాళ్ళు కూడా ఉంటారు. "ఈ పేరాలో రచయిత గొలుసుకట్టు చెరువుల గురించి, మిషన్ కాకతీయ గురించి, కాలువల ప్రాముఖ్యత గురించి చక్కగా వివరించారు." బడిలో ప్రశ్నజవాబుల నుంచి వచ్చిన అలవాటు ఇది, కాలేజీ దాటాక కూడా వదలదు. ఇందులో రచయిత ఏ విషయాలు ఎత్తుకున్నాడో ఉంది, వాటి గురించి ఏమన్నాడో లేదు. విషయసూచిక సారాంశం కాదు. పైగా అంత జాగ్రత్తగా నోరు మూసుకున్న ఆ వాక్యంలో కూడా "చక్కగా" అన్న తీర్పు వచ్చి కూర్చుంది, "ప్రాముఖ్యత" అన్న మెప్పు వచ్చి కూర్చుంది. తటస్థంగా ఉండటం అంటే రచయిత అభిప్రాయాన్ని కూడా తుడిచేయడం కాదు. ఈ పేరా రాసిన మనిషికి ఒక గట్టి పక్షం ఉంది. దాన్ని మెత్తబరిస్తే అది కూడా ఆయన మాటను మార్చినట్టే. అందుకే "రచయిత అంటారు" అని ఒక్కసారి మొదట్లో చెప్పి, ఆ పక్షాన్ని ఉన్నంత బలంగా చెప్పాలి.

ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నదే ఒక అభిప్రాయం, కాబట్టి అభిప్రాయం లేని సారాంశం అసాధ్యమని కొందరు తోటి ఉపాధ్యాయులు అంటారు. ఎంచడంలో తీర్పు ఉందన్నది నిజమే. కానీ ఆ తీర్పు దేని మీద? "ఈ పేరాలో 3 కంటే 7 బరువైనది" అన్నది పేరా మీద తీర్పు. దానికి రుజువు పేరాలోనే ఉంది, నాతో ఏకీభవించని మనిషికి కూడా వేలు పెట్టి చూపించగలను. "ఆ పథకం విఫలమైంది" అన్నది చెరువుల మీద తీర్పు. దానికి రుజువు పేరాలో లేదు, బయటికి వెళ్ళి తేవాలి. రెండింటినీ ఒకే గాట కట్టి "ఏదైనా అభిప్రాయమే" అంటే పిల్లలకు తనిఖీ చేసుకునే దారి మూసేసినట్టే.

ఈ తేడాను మనుషులతో కూడా పరీక్షించవచ్చు. తరగతిలో ఆ పథకాన్ని గట్టిగా సమర్థించేవాళ్ళు ఒకరిని, గట్టిగా విమర్శించేవాళ్ళు ఒకరిని ఎంచుకుని, ఇద్దరికీ మూలం, సారాంశం రెండూ ఇస్తాను. "నువ్వు దీన్ని ఒప్పుకుంటావా" అని అడగను, "పేరా చెప్పింది ఇదేనా" అని అడుగుతాను. ఇద్దరూ అవునంటే నమ్మకం కలుగుతుంది. ఒక్కరే అవునంటే, రెండోవాళ్ళు ఏ మాట దగ్గర ఆగారో ఆ మాట దగ్గరే తేడా ఉంటుంది. పరీక్ష హాల్లో ఈ సాయం ఉండదు కాబట్టి, ఇంట్లో సాధన చేసేటప్పుడు తమకు నచ్చని పక్షం వాళ్ళు రాసిన సంపాదకీయాలనే కుదించమని చెబుతాను. నచ్చిన వ్యాసాన్ని కుదిస్తే కలిపిన మాట కంటికి ఆనదు, రెండూ ఒకే రంగులో ఉంటాయి.

ఆ పేరాకు తరగతిలో అందరం కలిసి చివరికి రాసుకున్నది ఇది:

"గొలుసుకట్టు చెరువును ఒంటరిగా చూడకూడదని, పూడికకు ముందు నీళ్ళు తెచ్చే కాలువలు తెరవాలని రచయిత అంటారు. మిషన్ కాకతీయ మట్టి మేలు చేసిందని కొందరు రైతులు చెప్పారు. అయితే కాలువలు మూసుకుపోయి కొన్ని చెరువులు నిండలేదు. వానలు లేని ఏడాది ఎలాగూ నిండవు. కాలువలు తెరిచినా నీళ్ళు పంచే మనిషి కావాలి."

ముప్పై ఏడు పదాలు, మూడో వంతుకు నాలుగు ఎక్కువ. "సుమారు" అన్నారు కాబట్టి ఫరవాలేదు. అంకెలు వరుసగా 7, 3, తర్వాత 4, 5 కలిసి, 6, 8. వాక్యం 1 "గొలుసుకట్టు" అన్న మాటలోకి, 2 "మిషన్ కాకతీయ" అన్న పేరులోకి ఒదిగాయి. 2015 పోయింది, వాదానికి ఆ ఏడాదితో పని లేదు. "వేల" పోవడం మీద తరగతిలో వాదన నడిచింది. పని ఎంత పెద్దదో ఆ మాట చెబుతుంది కదా, దాన్ని తీసేస్తే పథకాన్ని చిన్నబుచ్చినట్టు కాదా అని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. పేరాలో ఆ "వేల" మీద ఏ వాదమూ ఆధారపడలేదు కాబట్టి తీసేయవచ్చని నేనన్నాను. అయితే "కొన్ని చెరువులు నిండలేదు" అన్నదాని పక్కన "వేల" ఉంటే ఆ "కొన్ని" చిన్నగా వినిపిస్తుంది, లేకపోతే పెద్దగా వినిపిస్తుంది అని ఆమె అంది. అది కూడా నిజమే. "మిషన్ కాకతీయ మట్టి" అన్నచోట "వేల చెరువుల్లో తీసిన మట్టి" అని రాస్తే పథకం పేరు పోతుంది గానీ ఆ కొలత నిలుస్తుంది. ఆమె తన కాగితంలో అలాగే మార్చుకుంది, నేను దాన్ని కొట్టేయలేదు.